ఓడించిన జట్టే కింద ఉంటే: క్లబ్ బులెటిన్‌లో వారం వారం పట్టిక రాసిన నా అనుభవం

మా క్లబ్‌లో ఆరు జట్లు. రంగుల పేర్లే పెట్టుకున్నాం: ఎరుపు, నీలం, పచ్చ, పసుపు, తెలుపు, నారింజ. గ్రౌండ్ ఒకటే, మ్యాటింగ్ వికెట్. ఆదివారం మూడు మ్యాచ్‌లు, ఒక్కోటి 20 ఓవర్లు. పొద్దున 7 గంటలకు ఒకటి, 10.30కి ఒకటి, మధ్యాహ్నం 2కి ఒకటి. సోమవారం రాత్రికల్లా బులెటిన్ సిద్ధం కావాలి, మంగళవారం జిరాక్స్ షాపుకి వెళ్తుంది. ఒక ఎ4 కాగితం, రెండు వైపులా. వెనక వైపు మొత్తం నాది: పోయిన వారం ఫలితాలు, పాయింట్ల పట్టిక, వచ్చే వారం మ్యాచ్‌లు, వాటి కింద నాలుగైదు చిన్న నోట్స్.

ఈ పని ఒప్పుకున్నప్పుడు ఇదంతా కాపీ కొట్టడమే అనుకున్నాను. స్కోరు బుక్‌లో ఉంటుంది, ఎత్తి రాస్తే సరిపోతుంది కదా అని. రెండో వారం బులెటిన్ ఒక్కటి వివరంగా చెప్తాను. అందులో దాదాపు అన్ని రకాల చిక్కులూ వచ్చాయి.

ఆ ఆదివారం పొద్దున తెలుపు, ఎరుపు ఆడాయి. తెలుపు 5 వికెట్లకు 139 కొట్టింది, ఎరుపు 18.3 ఓవర్లలో 121కి ఆలౌట్. రెండో మ్యాచ్‌లో నీలం 7 వికెట్లకు 152, పచ్చ సరిగ్గా 16 ఓవర్లలో 98 ఆలౌట్. మధ్యాహ్నం నారింజ, పసుపు మీద ఆడుతూ 8.1 ఓవర్లలో 2 వికెట్లకు 64 పరుగుల దగ్గర ఉండగా వాన పట్టుకుంది. మళ్లీ ఆట సాగలేదు.

నాకు ప్రతి మ్యాచ్‌కి రెండు స్కోరు బుక్కులు వస్తాయి, ఒక్కో జట్టు నుంచి ఒకటి. ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తారు. నీలం బుక్‌లో వాళ్ల స్కోరు 152 ఉంది, పచ్చ బుక్‌లో 151 ఉంది. ఎటు చూసినా గెలిచింది నీలమే, అదీ భారీ తేడాతో. అయినా వదిలేయడానికి లేదు. ఆ ఒక్క పరుగు తేడాలోకీ వెళ్తుంది, నెట్ రన్‌రేట్‌లోకీ వెళ్తుంది.

స్కోరు బుక్ సరిచూసే పద్ధతి ఒకటుంది, స్కోరర్లందరికీ తెలిసిందే. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్ బైలు కలిపినా అదే మొత్తం రావాలి. వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలోనే పడతాయి కాబట్టి వాటిని మళ్లీ కలపకూడదు. నీలం బుక్‌లో బ్యాటర్లవి 138, ఎక్స్‌ట్రాలు 14. బౌలర్ల వైపు నుంచి 146, బైలు 2, లెగ్ బైలు 4. రెండు దారుల్లోనూ 152. పచ్చ బుక్‌లో లెగ్ బైలు 3 మాత్రమే. అక్కడ కూడా రెండు దారుల్లో 151 వచ్చింది! అంటే ఏ బుక్‌కి ఆ బుక్ చక్కగా సరిపోతోంది. కూడికలో పొరపాటు కాదు, ఒక బంతినే ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాశారన్నమాట.

ఇలాంటప్పుడు ఓవర్ చివర రాసే మొత్తాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 13వ ఓవర్ ముగిసేసరికి రెండు బుక్కుల్లోనూ 90. 14వ ఓవర్ ముగిసేసరికి ఒకదానిలో 96, ఇంకోదానిలో 95. ఇక చూడాల్సింది ఆ ఆరు బంతులే. పచ్చ బుక్‌లో మొదటి బంతికి ఒక పరుగు, తర్వాత మూడు చుక్కలు, ఐదో బంతికి ఫోరు, ఆరో బంతి చుక్క. నీలం బుక్‌లో నాలుగో బంతి దగ్గర చుక్కకు బదులు లెగ్ బై గుర్తు.

ఎవరిది నిజం? దానికి జవాబు పచ్చ బుక్‌లోనే దొరికింది. మొదటి బంతికి ఓపెనర్ సింగిల్ తీశాడు, అంటే రెండో బంతి నుంచి స్ట్రైక్ రెండోవాడిది. నాలుగో బంతి నిజంగా చుక్కే అయితే ఐదో బంతిని కూడా రెండోవాడే ఆడాలి. కానీ ఐదో బంతికి వచ్చిన ఫోర్‌ని పచ్చ స్కోరర్ ఓపెనర్ పేరు ఎదురుగా రాశాడు. అంటే నాలుగో బంతికి ఇద్దరూ అటూ ఇటూ మారారు. పరుగు తీశారన్నమాట. అంపైర్ మోకాలు తట్టి సిగ్నల్ ఇచ్చింది ఆ స్కోరర్ చూసి ఉండడు, అంతే. అంపైర్‌గా నిలబడ్డ ఆయనకి ఫోన్ చేస్తే, "అవును, ప్యాడ్‌కి తగిలి ఫైన్ లెగ్ వైపు పోయింది, లెగ్ బై ఇచ్చా" అన్నారు. పచ్చ కెప్టెన్‌కి కూడా అదే చెప్పాను. "మేం 54 పరుగులతో ఓడాం అన్నా, 53 అయితే ఏం ఒరుగుతుంది, నువ్వు రాసుకో" అన్నాడు.

ఫలితాలు రాసే వరుస విషయంలో నాదొక పట్టుదల ఉంది. గెలిచిన జట్టును ముందు రాయడం చాలామందికి అలవాటు. నేను మాత్రం ముందు బ్యాటింగ్ చేసిన జట్టునే ముందు రాస్తాను. మ్యాచ్ ఎలా నడిచిందో అలా చదువుకోవచ్చు. పైగా తేడా పరుగుల్లో చెప్పాలా వికెట్లలో చెప్పాలా అన్నది కూడా దాంతోనే తేలిపోతుంది. పైన రాసినవాళ్లు గెలిస్తే పరుగులు, కింద రాసినవాళ్లు గెలిస్తే వికెట్లు. మొదటి వారం తెలుపు 112 ఆలౌట్, నీలం 15.4 ఓవర్లలో 3 వికెట్లకు 113; అంటే నీలం 7 వికెట్ల తేడాతో గెలిచింది. 3 వికెట్ల తేడాతో అని రాసి పంపించే కెప్టెన్లు ఉన్నారు, పోయినవి లెక్కపెడతారు గానీ మిగిలినవి కాదు. ఆలౌట్ అయితే వికెట్ల సంఖ్య రాయను, "ఆలౌట్" అనే రాసి పక్కన ఎన్ని ఓవర్లో వేస్తాను.

రెండో వారం తర్వాత పట్టిక ఇలా వచ్చింది. గెలుపుకి 2 పాయింట్లు, ఫలితం తేలకపోతే చెరొకటి.

| జట్టు | ఆడినవి | గెలుపు | ఓటమి | తేలనివి | పాయింట్లు | నెట్ రన్‌రేట్ |
|---|---|---|---|---|---|---|
| నీలం | 2 | 2 | 0 | 0 | 4 | +2.180 |
| పసుపు | 2 | 1 | 0 | 1 | 3 | +0.103 |
| ఎరుపు | 2 | 1 | 1 | 0 | 2 | −0.025 |
| తెలుపు | 2 | 1 | 1 | 0 | 2 | −0.286 |
| నారింజ | 2 | 0 | 1 | 1 | 1 | −0.850 |
| పచ్చ | 2 | 0 | 2 | 0 | 0 | −1.404 |

పట్టికలో అసలు టెన్షన్ అంతా చివరి గడిలోనే. ఒక జట్టు ఓవర్‌కి ఎన్ని పరుగులు కొట్టింది, ఎదుటివాళ్లకు ఓవర్‌కి ఎన్ని ఇచ్చింది, ఆ రెండింటి తేడా. వినడానికి ఇంతే. కానీ ఇందులో రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి.

మొదటిది చుక్క. 15.4 ఓవర్లంటే 15 ఓవర్ల 4 బంతులు. దాన్ని అలాగే ఎక్సెల్‌లో భాగిస్తే అది పదింట నాలుగు వంతులు అనుకుంటుంది, నిజానికి అది ఆరింట నాలుగు. అందుకని నేను ఓవర్లతో లెక్క చేయను, అన్నీ బంతుల్లోకి మార్చేస్తాను. B2 గడిలో ఓవర్లు వేస్తే పక్క గడిలో ఇది ఉంటుంది:

```
=INT(B2)*6+ROUND((B2-INT(B2))*10,0)
```

15.4 వేస్తే 94 బంతులు వస్తాయి. పరుగుల్ని ఆరుతో గుణించి బంతులతో భాగిస్తే ఓవర్‌కి ఎన్నో తెలుస్తుంది.

రెండోది ఆలౌట్. జట్టు ఆలౌటైతే ఎన్ని ఓవర్లు ఆడినా పూర్తి 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. పచ్చ 16 ఓవర్లలోనే 98కి కుప్పకూలింది. ఆడిన ఓవర్లతోనే భాగిస్తే వాళ్ల రేటు ఓవర్‌కి 6.125 అవుతుంది. 20తో భాగిస్తే 4.9. మొదటి లెక్క పెట్టుకుంటే తొందరగా ఆలౌట్ అయినందుకు బహుమానం ఇచ్చినట్టే కదా. అందుకే ఆ నిబంధన. దీని దెబ్బ ఎంత ఉంటుందో నీలం వరుసలో చూడండి. వాళ్లు కొట్టినవి 113, 152 కలిపి 265, ఆడింది 214 బంతులు, ఓవర్‌కి 7.430. ఇచ్చినవి 112, 98 కలిపి 210. ప్రత్యర్థులు రెండుసార్లూ ఆలౌట్ కాబట్టి 40 ఓవర్లు, ఓవర్‌కి 5.250. తేడా 2.180. ఆలౌట్ సంగతి పట్టించుకోకుండా ప్రత్యర్థులు నిజంగా ఆడిన 17.2, 16 ఓవర్లతో లెక్కేస్తే నీలానికి 1.130 మాత్రమే వస్తుంది. సగానికి సగం పడిపోయింది!

ఆగిపోయిన మ్యాచ్ రన్‌రేట్‌లోకి రాదు. మా నిబంధన ప్రకారం రెండో జట్టు కనీసం 5 ఓవర్లు ఆడితేనే ఫలితం. పసుపు బ్యాటింగ్‌కే దిగలేదు. కాబట్టి ఆ 64 పరుగులూ 8.1 ఓవర్లూ జట్టు లెక్కలో చేర్చలేదు. కానీ ఆ మ్యాచ్‌లో 41 నాటౌట్‌గా ఉన్న కుర్రాడి పరుగులు అతని వ్యక్తిగత ఖాతాలో ఉంటాయి. అవి కూడా పోయాయేమోనని రాత్రి పది గంటలకు ఫోన్ చేశాడు పాపం.

మొత్తం అయ్యాక మూడు కూడికలు చేసి చూస్తాను. గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం ఒకటే ఉండాలి: ఇక్కడ 5, 5. పాయింట్ల మొత్తం ఆడిన మ్యాచ్‌లకు రెట్టింపు ఉండాలి: ఆరు మ్యాచ్‌లు, 12 పాయింట్లు. మూడోది ఎక్కువమంది చేయరు గానీ అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఆరు జట్లూ కొట్టిన పరుగుల మొత్తం, ఆరు జట్లూ ఇచ్చిన పరుగుల మొత్తం సమానంగా రావాలి, ఎందుకంటే ఒకరు కొట్టింది ఇంకొకరు ఇచ్చిందే. ఆ వారం రెండు వైపులా 1267 వచ్చింది. ఓవర్లు కూడా రెండు వైపులా ఒకటే, 195 ఓవర్ల 3 బంతులు. ఆలౌట్‌ని ఒక జట్టు వరుసలో 20గా, ఎదుటి జట్టు వరుసలో 18.3గా వేస్తే ఇక్కడ వెంటనే దొరికిపోతుంది. అన్నట్టు, నెట్ రన్‌రేట్లు అన్నీ కూడితే సున్నా వస్తుందని కొందరు అనుకుంటారు. రానక్కర్లేదు. ఒక్కో జట్టు ఆడిన ఓవర్లు వేరు, వేసిన ఓవర్లు వేరు.

ఇక నోట్స్. ఇవి రాయడమే నాకు ఎక్కువ సమయం పట్టే పని. చోటు తక్కువ, మ్యాచ్‌కి రెండు లైన్లు మించి పట్టవు. మొదట్లో కెప్టెన్లు పంపిన వాక్యాలే వేసేవాళ్లం: "హోరాహోరీగా సాగిన పోరులో అద్భుత ప్రదర్శనతో ఘన విజయం". 54 పరుగుల తేడా ఉన్నచోట హోరాహోరీ ఏమిటి? స్కోరు పక్కనే ఉంది, అది చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, పట్టిక చూసిన మనిషికి ఏ సందేహం వస్తుందో దానికి నోట్‌లో సమాధానం ఉండాలి. పట్టికలో కనిపించేదాన్ని మళ్లీ మాటల్లో చెప్పకూడదు. వాన మ్యాచ్ కింద ఇలా రాశాను:

"నారింజ 64/2 (8.1) వద్ద వాన. పసుపు బ్యాటింగ్‌కి దిగలేదు, ఫలితం లేదు. చెరో పాయింట్. రన్‌రేట్‌కి లెక్కించలేదు, వ్యక్తిగత పరుగులు లెక్కే."

ఎరుపు, తెలుపు మ్యాచ్ కింద నోట్ మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. పట్టిక చూడండి. ఇద్దరికీ 2 పాయింట్లే. ఆ ఆదివారమే తెలుపు 18 పరుగులతో ఎరుపును ఓడించింది. అయినా ఎరుపు మూడో స్థానంలో, తెలుపు నాలుగో స్థానంలో. సోమవారం రాత్రి పట్టికని ముందుగా కెప్టెన్ల గ్రూపులో పెడతాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్తారని. పెట్టిన రెండు నిమిషాలకే తెలుపు కెప్టెన్ ఫోన్.

"అన్నా, నిన్న ఓడించింది మేము. వాళ్ల కింద ఎలా ఉంటాం? లెక్క తప్పుంది చూడు."

లెక్క తప్పు లేదు. మా లీగ్‌లో పాయింట్లు సమానమైతే ముందు చూసేది నెట్ రన్‌రేట్, ముఖాముఖి ఫలితం కాదు. తెలుపును కిందికి లాగింది ఎరుపుతో ఆడిన మ్యాచ్ కాదు, మొదటి వారం నీలంతో ఓడిన తీరు. 112కే ఆలౌట్ కావడం ఒకటి, దాన్ని నీలం 15.4 ఓవర్లలోనే కొట్టేయడం ఒకటి. ఎరుపు ఓటమికీ గెలుపుకీ తేడా చాలా తక్కువ. మొదటి వారం 17 పరుగులతో గెలిచింది, రెండో వారం 18 పరుగులతో ఓడింది. అందుకే వాళ్ల రేటు దాదాపు సున్నా దగ్గరే ఉంది.

అతనికి ఇదంతా చెప్తే "అదెక్కడి న్యాయం" అన్నాడు. నేను 2019 ప్రపంచకప్ గుర్తుచేశాను. న్యూజిలాండ్, పాకిస్తాన్ రెండింటికీ 11 పాయింట్లే, ఐదేసి గెలుపులే. లీగ్‌లో న్యూజిలాండ్‌ను పాకిస్తాన్ 6 వికెట్లతో ఓడించింది కూడా. అయినా సెమీస్‌కి వెళ్లింది న్యూజిలాండే, నెట్ రన్‌రేట్ మీద. పాకిస్తాన్ కొంప ముంచింది వాళ్ల మొదటి మ్యాచ్: వెస్టిండీస్ మీద 21.4 ఓవర్లలో 105కి ఆలౌట్, ఆ స్కోరును వెస్టిండీస్ 13.4 ఓవర్లలోనే దాటేసింది. ఆ 105ని 50 ఓవర్లతో భాగించారు మరి. తర్వాత ఎన్ని గెలిచినా ఆ గుంట పూడలేదు.

"అంటే మనం పాకిస్తానా?" అన్నాడు, నవ్వుతూనే. గొడవ అక్కడితో చల్లారింది.

అయితే ఈ సందేహం అతనొక్కడిదే కాదు, నోటీసు బోర్డు ముందు నిలబడే ప్రతి ఒక్కరికీ వస్తుంది. కాబట్టి ఆ మ్యాచ్ కింద ఎవరు ఎన్ని కొట్టారో రాయాల్సిన చోటును దీనికే ఇచ్చేశాను:

"తెలుపు గెలిచినా ఎరుపు పైనే: పాయింట్లు సమానం, రన్‌రేట్ ఎరుపుది మెరుగు. తొలి వారం నీలం 113 లక్ష్యాన్ని 15.4 ఓవర్లలోనే ఛేదించడం తెలుపును దెబ్బతీసింది."

దీనివల్ల 4 వికెట్లు తీసిన తెలుపు బౌలర్ పేరు బులెటిన్‌లో రాలేదు. అతను నొచ్చుకున్నాడు, నిజమే. కానీ పట్టికను అందరూ నమ్మాలంటే ఆ రెండు లైన్లు తప్పవని ఇప్పటికీ నా అభిప్రాయం. వికెట్లు తీసినవాళ్ల జాబితా ఎలాగూ నెలకొకసారి వేస్తాం.

మ్యాచ్‌ల జాబితా గురించి కొంచెం చెప్పాలి. ఆరు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కసారి ఆడితే 15 మ్యాచ్‌లు, ఐదు ఆదివారాలు. ఒక జట్టును కదలకుండా ఉంచి మిగతా ఐదింటిని ప్రతి వారం ఒక్కో గడి జరుపుతూ పోతే ఏ జోడీ రెండోసారి రాదు. మేం ఎరుపును కదపకుండా పెట్టాం. జోడీలు అలా వాటంతట అవే వస్తాయి, సమయాలు మాత్రం రావు. పొద్దున 7 గంటల మ్యాచ్‌లో మ్యాటింగ్ పక్కన మంచు తడి, ఔట్‌ఫీల్డ్‌లో బంతి తడిసి బరువెక్కుతుంది. మధ్యాహ్నం 2 గంటల మ్యాచ్ ఆలస్యంగా మొదలైతే చలికాలంలో వెలుగు తగ్గిపోతుంది. కాబట్టి ఎవరు ఎన్నిసార్లు ఏ సమయానికి ఆడారో వేరే కాగితంలో రాసుకుంటాను. ఎరుపు రెండు వారాలూ 7 గంటలకే ఆడింది, పసుపు రెండు వారాలూ 2 గంటలకే. మూడో వారం ఆ ఇద్దరి మధ్యే మ్యాచ్ ఉంది కాబట్టి పని సులువైంది, 10.30కి వేశాను.

| సమయం | మ్యాచ్ | అంపైరింగ్ |
|---|---|---|
| ఉదయం 7.00 (టాస్ 6.30) | నారింజ – నీలం | ఎరుపు, పసుపు |
| ఉదయం 10.30 (టాస్ 10.00) | ఎరుపు – పసుపు | తెలుపు, పచ్చ |
| మధ్యాహ్నం 2.00 (టాస్ 1.30) | తెలుపు – పచ్చ | నారింజ, నీలం |

టాస్ సమయం విడిగా వేయకపోతే 7 గంటల మ్యాచ్‌కి 7 గంటలకి ఇంట్లో బయల్దేరేవాళ్లున్నారు. అంపైరింగ్ గడి కూడా అంతే, లేకపోతే ఎవరి వంతో ఎవరికీ గుర్తుండదు. పొద్దున ఆడినవాళ్లు మధ్యాహ్నం అంపైరింగ్‌కి మళ్లీ రావాలంటే గొణుగుతారు, గొణిగినా వస్తారు.

ఈ జాబితా గ్రూపులో పెట్టాక తెలుపు కెప్టెన్ ఇంకో లెక్క అడిగాడు. పచ్చ 120 కొడితే, ఎరుపు ఇప్పుడున్న రేటును దాటడానికి తాము ఎన్ని ఓవర్లలో ముగించాలి అని. వేసి చూస్తే 18.4 ఓవర్లు వచ్చింది, 18.5 అయితే చాలదు. ఆ మాట విన్న ఎరుపు కెప్టెన్ ఊరుకుంటాడా? "మేం 10.30కి ఆడేస్తాం, వాళ్లు 2 గంటలకి మా స్కోరు చూసుకుని ఎంత వేగంగా కొట్టాలో లెక్కేసుకుని దిగుతారు, సమయాలు మార్చు" అన్నాడు. ఒకే గ్రౌండ్ ఉన్నప్పుడు ఎవరో ఒకరు చివర ఆడక తప్పదు, ఇంకా మూడో వారమే కదా అని చెప్పి జాబితా అలాగే ఉంచాను. చివరి ఆదివారం 2 గంటల మ్యాచ్ ఎవరికి వేయాలన్నది మాత్రం కెప్టెన్లందరి ముందు చీటీ తీద్దామని ఒప్పుకున్నాం. ఆ సంగతి కూడా బులెటిన్ అడుగున ఒక లైన్‌గా వేశాను.